42 లోంచి 5 తీస్తే 43: తీసివేత రాని పిల్లల కోసం ఒక పాఠం ప్లాన్ చేసిన అనుభవం

మా మూడో తరగతిలో ఎనిమిది మంది పిల్లల పేర్ల పక్కన నా నోట్‌బుక్‌లో ఒకే మాట ఉంది: "తీసివేత రాదు". వాళ్లను విడిగా కూర్చోబెట్టి కాసేపు చెప్పుకోవడానికి టైమ్‌టేబుల్‌లో చోటు దొరికింది. ఇక ఏం చెప్పాలన్నదే తేల్చుకోవాలి. పక్క సెక్షన్ మేడమ్ సలహా సూటిగా ఉంది: "రోజూ పది లెక్కలు చేయించండి మేడమ్, అదే వచ్చేస్తుంది." ఆవిడ ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నారు, కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. అయితే ఆ పది లెక్కలు ఏవో ఎంచుకుందామని పరీక్ష పేపర్లు మళ్లీ ముందు వేసుకున్నాను. అక్కడే ఆగిపోయాను.

46 − 23 ఆ ఎనిమిది మందిలో ఐదుగురు సరిగ్గానే చేశారు. 52 − 38 మాత్రం ఎవరికీ రాలేదు. విశేషం ఏమిటంటే, ఆ ఐదుగురూ 52 − 38కి రాసిన తప్పు జవాబు కూడా ఒక్కటే: 26. ఐదుగురూ వేరువేరు బెంచీల్లో కూర్చుంటారు, కాబట్టి చూసి రాసింది కాదు.

26 ఎలా వచ్చిందో చూడటానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 8 లోంచి 2 పోతే 6, 5 లోంచి 3 పోతే 2. ఏ అంకె పైన ఉంది, ఏది కింద ఉంది అన్న పట్టింపు లేదు. ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల లెక్కల్లోని తప్పుల మీద ఒక వ్యాసం రాశారు. తీసివేతలో పిల్లలు చేసే చాలా తప్పులు పరధ్యానం వల్ల వచ్చేవి కావనీ, పిల్లవాడు ఏదో ఒక తప్పు నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించడం వల్ల వచ్చేవనీ అందులో చూపించారు. ఈ 26 అలాంటి తప్పుల్లో బాగా పేరుమోసినది.

ఆ నియమం పిల్లలకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, మన దగ్గరి నుంచే. ఒకటో తరగతిలో "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని మనం పదేపదే చెబుతాం. పిల్లవాడు దాన్ని శ్రద్ధగా గుర్తుపెట్టుకుంటాడు. రెండో ఏడాది 2 కింద 8 కనిపించగానే, పోదన్నారు కాబట్టి తిప్పేసి తీస్తాడు. అంటే చెప్పిన మాట విన్న పిల్లలే ఈ తప్పు చేస్తున్నారు. వీళ్లతో రోజూ పది లెక్కలు చేయిస్తే రోజూ పదిసార్లు ఆ తప్పు నియమానికే సాధన అవుతుంది. 46 − 23 సరిగ్గా రావడం కూడా మనకేమీ చెప్పదు. ఏ వరసకా వరస విడిగా చూసుకునే పిల్లవాడికీ అది సరిగ్గానే వస్తుంది, సంఖ్యను సంఖ్యగా చూసే పిల్లవాడికీ సరిగ్గానే వస్తుంది.

పేపర్ చెప్పగలిగింది అంతవరకే. అందుకే పాఠం రాసే ముందు ఎనిమిది మందితోనూ ఒక్కొక్కరిగా ఐదేసి నిమిషాలు కూర్చున్నాను. ఎదురుగా కొన్ని ఐస్‌క్రీమ్ పుల్లలు, ఒక చిన్న గుడ్డ, ఒక కాగితం. ఆ ఐదు నిమిషాల్లో ఏమీ నేర్పకూడదని ముందే అనుకున్నాను. తప్పు చెప్పిన పిల్లని సరిదిద్దకుండా ఊరుకోవడం టీచర్‌కి ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

మొదట తొమ్మిది పుల్లలు లెక్కపెట్టించి, కళ్లు మూసుకోమని, నాలుగు గుడ్డ కింద దాచి, "గుడ్డ కింద ఎన్ని ఉన్నాయి?" అని అడిగాను. తర్వాత పుల్లలు లేకుండా 13 లోంచి 5 అడిగాను. చివరిగా పదహారు పుల్లలు లెక్కపెట్టించి, కాగితం మీద 16 అని రాసి, 6 చుట్టూ గుండ్రంగా గీసి, "ఈ అంకె ఏ పుల్లల గురించి చెబుతోంది, చూపించు" అన్నాను. ఆరు పుల్లలు పక్కకు జరిపారు. తర్వాత 1 చుట్టూ గీసి అదే అడిగాను.

ముగ్గురు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోయారు. ఒక బాబు గుడ్డ తీస్తే గానీ చెప్పలేనన్నాడు. మిగతా ఇద్దరూ 13 లోంచి 5 కి 9 అన్నారు. వాళ్ల వేళ్లు చూస్తే కారణం తెలిసింది. "పదమూడు" అంటూ మొదటి వేలు మడిచారు, "పన్నెండు" అని రెండోది, "పదకొండు", "పది", "తొమ్మిది" అని ఐదో వేలు. ఒకటి తీసేశాక ఎంత ఉందో చెప్పాల్సిన చోట, తీసేస్తున్నదాని పేరు చెబుతున్నారు. అందుకే జవాబు ప్రతిసారీ ఒకటి ఎక్కువ వస్తోంది. ఈ ముగ్గురికీ కావలసింది ఇరవై లోపు వెనక్కి లెక్కపెట్టడం, దాచినవి కనిపెట్టడం. రెండంకెల లెక్క వాళ్ల ముందు పెట్టడం ఇప్పుడు అన్యాయం. వాళ్లను వేరే గుంపు చేశాను, వాళ్ల పాఠం వేరు.

మిగిలిన ఐదుగురూ, అంటే 26 రాసిన ఆ ఐదుగురే, మొదటి రెండూ తడుముకుంటూనైనా చేశారు. మూడోదాని దగ్గర అందరూ ఒకే పని చేశారు. 16 లోని 1 చుట్టూ గీసి అడిగితే ఒక్క పుల్ల జరిపారు. ఆరు ఇటు, ఒకటి అటు, మధ్యలో తొమ్మిది పుల్లలు ఎవరికీ చెందకుండా పడి ఉన్నాయి. "మరి ఇవి?" అని అడిగితే రెండు జడల పాప కాసేపు చూసి, "అవి మిగిలిపోయాయి టీచర్" అంది.

పాఠం దేని గురించో అప్పుడు తేలింది. ఈ ఐదుగురికీ 52 అంటే ఐదు పదులూ రెండూ కాదు. పక్కపక్కన నిలబడ్డ 5, 2. పదుల అంకెలో పది ఒకట్లు దాగి ఉన్నాయని తెలియని పిల్లకి "పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని చెబితే, ఆ ఒకటి వచ్చేటప్పటికి పది ఎలా అయిందో ఆమెకు మంత్రంలాగే ఉంటుంది.

నోట్‌బుక్‌లో పాఠం లక్ష్యం ఒకే వాక్యంగా రాసుకున్నాను: పది పుల్లల కట్ట విప్పినా మొత్తం మారదని పిల్లలు చూడాలి, ఎప్పుడు విప్పాలో తామే తేల్చుకోవాలి. దీని వల్ల పాఠంలోంచి ఏవి తీసేయాలో కూడా తెలిసిపోయింది. పై అంకె కొట్టేసి ఒకటి తగ్గించి రాయడం ఈ పాఠంలో లేదు. వందలు లేవు. "ఎవరి దగ్గర ఎన్ని ఎక్కువ?" అనే పోలిక లెక్కలు కూడా లేవు, అందులో తీసేయడానికి చేతిలో ఏమీ ఉండదు కాబట్టి అది వేరే రోజు పని. ఉన్నవాటిలోంచి కొన్ని ఇచ్చేయడం, ఎన్ని మిగిలాయో చూడటం, అంతే.

అన్నిటికంటే ఎక్కువ సమయం సంఖ్యలు ఎంచుకోవడానికే పట్టింది. బయటివాళ్లకు ఇది వింతగా అనిపించవచ్చు. పుస్తకంలో లెక్కలు బోలెడు ఉన్నాయి, ఏదో ఒకటి ఇస్తే పోలేదా? పోదు. 52 − 38 తో మొదలుపెడితే తప్పు చేసిన పిల్లకి 26 వస్తుంది. 52 కంటే 26 తక్కువే, చూడటానికి నమ్మదగ్గ జవాబే. అది తప్పని నేను చెప్పాలి, నా మాట ఆమె నమ్మాలి. నాకు కావలసింది తప్పు జవాబు తనంతట తానే అరిచి చెప్పే లెక్క.

అలాంటివి ఉన్నాయి. 42 − 5 తీసుకోండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పిల్లకి 5 లోంచి 2 పోతే 3, పైన 4 అలాగే ఉంది, జవాబు 43. ఐదు ఇచ్చేస్తే ఒకటి పెరిగింది! 32 − 4 అయితే జవాబు 32 వస్తుంది. నాలుగు ఇచ్చేసినా ఏమీ తగ్గలేదు. ఈ రెండిటిలోనూ కింది సంఖ్యకి ఒకటే అంకె, కాబట్టి పదుల్లోంచి తీయాల్సిన గొడవ లేదు. జరగాల్సిందల్లా ఒక్క కట్ట విప్పడం. 42 − 5 మొదటిది, 32 − 4 రెండోది అని రాసుకున్నాను.

తర్వాత ప్రతి లెక్క పక్కనా, ఏ తప్పు చేస్తే ఏ జవాబు వస్తుందో రాసుకుంటూ పోయాను. 42 − 5 కి సరైనది 37. తిప్పి తీస్తే 43. విప్పిన కట్టను తగ్గించడం మరిచిపోతే 47. పదుల్లో ఒకటి తగ్గించి కూడా ఒకట్లను తిప్పే తీస్తే 33. వేళ్ల మీద వెనక్కి లెక్కపెడుతూ 42 నే మొదటి వేలికి కలిపేస్తే 38. ఐదు దారులు, ఐదు వేర్వేరు జవాబులు. పిల్ల చేతిలోని కాగితం చూడగానే ఆమె ఏ దారిలో వెళ్లిందో చెప్పొచ్చు.

ఇలా రాస్తూ వెళ్తుంటే నా జాబితాలో ఉన్న 42 − 7 దగ్గర ఒక వింత బయటపడింది. 12 లోంచి 7 పోయినా 5, 7 లోంచి 2 పోయినా 5. కాబట్టి తిప్పి తీసినా 45, కట్ట తగ్గించడం మరిచినా 45. అంతకంటే ప్రమాదం ఇంకొకటి. పదుల్లో ఒకటి తగ్గించాలని బట్టీపట్టి, ఒకట్లను మాత్రం తిప్పే తీసే పిల్లకి 35 వస్తుంది. అది సరైన జవాబే! ఆమె కాగితం మీద నేను టిక్ పెట్టి ముందుకు వెళ్లిపోతాను. కింది అంకె పై అంకె కంటే సరిగ్గా 5 ఎక్కువైన ప్రతి లెక్కలోనూ ఇదే జరుగుతుంది: 31 − 6, 53 − 8, 64 − 9. పాఠ్యపుస్తకం అభ్యాసాల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఓసారి వెతికి చూడండి. నేను 42 − 7 కొట్టేశాను.

కట్ట విప్పనక్కర్లేని లెక్క ఒకటి మధ్యలో కావాలి. లేకపోతే పిల్లలు ఆలోచించడం మానేసి ప్రతిసారీ విప్పేస్తారు. అందుకు 47 − 3 పెట్టుకున్నాను. ఆ తర్వాత రెండంకెలున్న 43 − 26. చివర ఎవరికి వారు కాగితం మీద చేయడానికి 34 − 8. సున్నా ఉన్నవి ఒక్కటి కూడా లేదు. 40 − 17 లో సున్నాలోంచి ఏడు అనేదే వేరే తలనొప్పి. కొందరు పిల్లలు సున్నా దగ్గర 7 రాస్తారు, కొందరు 0 రాస్తారు. ముప్పై ఐదు నిమిషాల పాఠంలో ఒక్క ఇబ్బందే ఉండాలి. నేను రాసుకున్న లెక్కలు మొత్తం ఐదే. "ఇంతేనా?" అని పక్క సెక్షన్ మేడమ్ నవ్వారు.

వస్తువుల విషయం త్వరగా తేలింది. స్కూల్లో ప్లాస్టిక్ దిమ్మెల పెట్టె ఉంది, అందులో పది గళ్ల కడ్డీలు, విడి ఘనాలు ఉన్నాయి. చూడటానికి బాగుంటాయి గానీ ఆ కడ్డీ విరగదు. దాన్ని పక్కన పెట్టి పది ఘనాలు తెచ్చుకోవాలి. పదిలో పది ఉన్నాయని ముందే తెలిసినవాళ్లకు ఆ మార్పిడి పర్వాలేదు. 16 లోని 1 ని ఒక్క పుల్లగా చూసే పిల్లకి, ఒకటి ఇచ్చి పది తెచ్చుకోవడం కూడా మంత్రమే. అందుకే పుల్లలు, రబ్బరు బ్యాండ్లు తీసుకున్నాను. కట్టలు ముందే కట్టి సిద్ధంగా ఉంచాలన్న ఆలోచన వచ్చింది, సమయం కలిసొస్తుంది. కానీ నేను కట్టిన కట్టలో పది ఉన్నాయని పిల్లలు నమ్మాలి, వాళ్లు కట్టిన కట్టలో ఉన్నాయని వాళ్లకే తెలుసు. ఎనిమిది నిమిషాలు పోయినా సరే, వాళ్లే కట్టాలి. బ్యాండ్లు మాత్రం వదులుగా ఉన్నవి ఏరుకోండి. బిగుతువైతే పాఠం సగం బ్యాండ్లు లాగడంలోనే అయిపోతుంది, ఒకటీ అరా తెగి ఎవరి మొహానికో తగులుతుంది. వీటితోపాటు ఒక్కొక్కరికి నిలువుగా మడిచిన కాగితం, ఎడమవైపు "పదులు", కుడివైపు "ఒకట్లు" అని రాసి.

ఇక నేను అడగబోయే ప్రశ్నలు. నోటికి ఏది వస్తే అది అడిగితే నేనే జవాబు చెప్పేస్తానన్న భయంతో అవి కూడా రాసుకున్నాను. వాటిలో అసలైనది ఒకటే, కట్ట విప్పిన మరుక్షణం, ఏమీ తీయకముందు అడగాల్సినది: "ఇప్పుడు మొత్తం ఎన్ని ఉన్నాయి?"

పాఠం రోజు కట్టలు కట్టడం అయ్యాక, ప్రతి ఒక్కరి ముందూ నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. "మన దగ్గర 42 పెన్సిళ్లు ఉన్నాయి. 5 వేరే తరగతికి ఇచ్చేశాం. 42 కంటే ఎక్కువ మిగులుతాయా, తక్కువ మిగులుతాయా?" అందరూ తక్కువే అన్నారు. బోర్డు మీద "తక్కువ" అని రాశాను. అప్పుడు చిన్న చీటీ ఇచ్చి, లెక్క ఎలా వేస్తారో అలా వేసి జవాబు రాయమన్నాను. నలుగురు 43 రాశారు. ఒకరు 33 రాశారు, ఇంట్లో ఎవరో ఒకటి తగ్గించాలని నేర్పినట్టున్నారు. ఏమీ అనలేదు. చీటీలు బోర్లించి పుల్లలతో చేయమన్నాను.

ఇక్కడ పిల్లలు ఏమేం చేయవచ్చో ముందే మూడు దారులు ఊహించి రాసుకున్నాను. ఒకటి, కట్ట మొత్తం విప్పి పన్నెండు విడి పుల్లల్లోంచి ఐదు తీయడం. రెండు, ఉన్న రెండూ ఇచ్చేసి, మిగతా మూడూ ఒక కట్టలోంచి లాగడం. మూడు, ఒక కట్టంతా ఇచ్చేసి అందులోంచి ఐదు వెనక్కి తీసుకోవడం. మూడూ సరైనవే, మూడిటికీ 37 వస్తుంది. తర్వాత నేర్చుకోబోయే రాతపద్ధతి మొదటి దారిది కాబట్టి మొదటిది చేసిన పిల్లని చివర చూపించమనాలనీ, మిగతావి తప్పనకూడదనీ రాసుకున్నాను.

జరిగింది కూడా దాదాపు అలాగే. ఇద్దరు విప్పారు. రెండు జడల పాప రెండు పుల్లలు ఇచ్చేసి, "ఇంకా మూడు కావాలి" అనుకుంటూ బ్యాండు తీయకుండానే కట్టలోంచి ఒక్కొక్కటీ లాగింది. ఒకరు కట్టంతా ఇచ్చి "చిల్లర ఇవ్వండి టీచర్" అన్నాడు. ఐదో బాబు, ఎడమచేతి వాటం ఉన్నవాడు, నాలుగు కట్టల వైపు, రెండు పుల్లల వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఐదు లేవు" అన్నాడు. "ఎక్కడా లేవా?" అని మాత్రం అడిగాను. కాసేపటికి బ్యాండు తీశాడు.

అందరూ మళ్లీ 42 పుల్లలు పెట్టుకుని ఒక కట్ట విప్పాక, "ఇప్పుడు మొత్తం ఎన్ని?" అన్న ప్రశ్న దగ్గర ఐదుగురూ నాలుగు రకాలుగా ఉన్నారు. ఇద్దరు వెంటనే 42 అన్నారు. ఒకరు మూడు కట్టలు, పన్నెండు చూసి "మూడు వందల పన్నెండు" అన్నాడు. రెండు జడల పాప మొదటి నుంచీ ఒక్కొక్కటీ లెక్కపెట్టి 42 కి వచ్చి, తనే ఆశ్చర్యపోయింది. ఎడమచేతి బాబు "ఎక్కువైనట్టున్నాయి" అన్నాడు, చాప మీద పుల్లలు పరుచుకుని ఎక్కువ చోటు ఆక్రమించాయి మరి. లెక్కపెట్టించాను. ఈ ఒక్క ప్రశ్నకే ఆరేడు నిమిషాలు పట్టింది, దాన్ని తొందరపెట్టలేదు. ఆ 42 అలాగే ఉందని తెలియకపోతే తర్వాత చేసేదంతా ఉత్త తంతే.

అందరికీ 37 వచ్చాక చీటీలు తిప్పమన్నాను. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఎడమచేతి బాబే అన్నాడు: "పుల్లలైతే 37 టీచర్. లెక్కైతే 43."

ఇలాంటిది రావచ్చని తెలుసు. పిల్లలకు పుల్లల లోకం వేరు, పుస్తకంలో గీత గీసి చేసే లెక్కల లోకం వేరు. రెండిటిలో రెండు జవాబులు రావడం వాళ్లకు పెద్ద ఇబ్బందిగా కూడా అనిపించదు. "పుల్లలదే కరెక్ట్" అని నేను తీర్పు చెబితే పని అయిపోయేది, వాడు ఒప్పుకునేవాడు కూడా, ఎందుకంటే టీచర్ చెప్పింది. అందుకే బోర్డు మీద ఉన్న "తక్కువ" చూపించి, "పెన్సిళ్లు ఇచ్చేశాక ఈ రెండిటిలో ఏది కుదురుతుంది?" అని అడిగాను. "43 అయితే ఎక్కువైపోయాయి కదరా" అని పక్కనున్న పిల్లవాడు అందుకున్నాడు. ఎడమచేతి బాబు 43 ని కొట్టేశాడు. ఒప్పుకున్నాడని మాత్రం నేను అనుకోలేదు.

ఈ రెండు లోకాలనూ కలపడానికి ప్లాన్‌లో ఒక చిన్న పని ఉంది. నిలువు లెక్క రాయకుండా, చేతితో చేసిన ప్రతి పనికీ ఒక వరస రాయడం. పుల్ల కదిలిన వెంటనే పెన్సిల్ కదలాలి, అంతా అయిపోయాక గుర్తు తెచ్చుకుని రాయకూడదు. 42 − 5 కి వరసలు ఇలా వచ్చాయి:

4 పదులు, 2 ఒకట్లు
3 పదులు, 12 ఒకట్లు
3 పదులు, 7 ఒకట్లు

రెండో వరస పక్కన "ఇంకా 42" అని రాయమన్నాను. 32 − 4 కూడా ఇలాగే చేశారు, ఈసారి ముందు చీటీ రాయించలేదు. ఒకరు మాత్రం పుల్లలు ముట్టుకోకుండానే "32 అని రాస్తే మళ్లీ ఏమీ ఇవ్వనట్టే" అని నవ్వాడు. ఆ మాట కోసమే ఆ లెక్క పెట్టుకున్నాను.

47 − 3 దగ్గర ముగ్గురు అలవాటుగా కట్ట విప్పేశారు. పుల్లలతో చేసేటప్పుడు ఇందులో తప్పేమీ లేదు, మూడు కట్టలూ పద్నాలుగు విడివీ కలిస్తే 44 వస్తుంది. కాగితం మీద నిలువుగా చేస్తే మాత్రం ఇదే అలవాటు 314 అయి కూర్చుంటుంది. "విప్పకుండా వచ్చేదా?" అని అడిగి వదిలేశాను. 43 − 26 కి వచ్చేసరికి సమయం అయిపోవచ్చింది, ఇద్దరిద్దరుగా చేయించాను, ఒకరు పుల్లలు, ఒకరు రాత. అక్కడ చెప్పుకోదగ్గదేమీ జరగలేదు, పని నడిచింది.

చివరి ఐదు నిమిషాలు పుల్లలు మూసేసి 34 − 8 ఇచ్చాను. బొమ్మ గీసుకోవచ్చు, వరసలు రాసుకోవచ్చు, ఏమైనా చేసుకోవచ్చు. ఈ లెక్కకి కూడా ముందే జవాబులు రాసి పెట్టుకున్నాను: సరైనది 26, తిప్పి తీస్తే 34, కట్ట తగ్గించడం మరిస్తే 36, తగ్గించి కూడా తిప్పితే 24, వేళ్ల పొరపాటైతే 27.

ముగ్గురికి 26 వచ్చింది. రెండు జడల పాపకి 36. ఎడమచేతి బాబుకి 34.

పాఠం ఎలా జరిగిందని అడిగితే "ఐదుగురిలో ముగ్గురికి వచ్చింది" అనొచ్చు. కానీ తర్వాతి పాఠం రాయడానికి పనికొచ్చేవి ఆ 36, ఆ 34. 36 వచ్చిన పాప పద్నాలుగులోంచి ఎనిమిది సరిగ్గానే తీసింది. పుల్లలతో అయితే విప్పిన కట్ట కళ్ల ముందు నుంచి మాయమవుతుంది, తగ్గించడం మరిచిపోయే అవకాశమే లేదు. కాగితం మీద ఆ 3 అలాగే నిలబడి ఉంటుంది. అందుకే ఆమెకు మళ్లీ పుల్లలు అక్కర్లేదు. కట్టని పొడవాటి గీతగా, ఒకట్లను చుక్కలుగా గీసి, విప్పినప్పుడు ఆ గీతను కొట్టేసి పక్కన పది చుక్కలు పెట్టే పద్ధతి నేర్పాలి. కొట్టేసిన గీత కళ్ల ముందు ఉంటుంది కాబట్టి, పై అంకె కొట్టేసి తగ్గించడం తర్వాత వచ్చినప్పుడు అది ఎందుకో ఆమెకు తెలుస్తుంది.

34 రాసిన బాబు ఇంకా "లెక్కైతే" లోనే ఉన్నాడు. వాడితో తర్వాతి పాఠంలో పని మార్చాలనుకున్నాను. వాడు పుల్లలు కదుపుతుంటే నేను వరసలు రాస్తాను, తర్వాత నేను కదుపుతుంటే వాడు రాస్తాడు. మధ్యలో ఒకసారి కావాలనే కట్ట విప్పి కూడా వరస రాయకుండా ఊరుకుని, వాడు పట్టుకుంటాడో లేదో చూస్తాను. లెక్కలు 51 − 3, 23 − 6. తిప్పి తీస్తే మొదటిదానికి 52, రెండోదానికి 23 వస్తాయి.

26 వచ్చిన ముగ్గురికి రెండంకెల లెక్కలు, గీతలూ చుక్కలతో: 52 − 38, 61 − 24. సున్నా ఉన్న లెక్కలు ఐదుగురూ గీతల దాకా వచ్చాకే. గుడ్డ కింద పుల్లలు కనిపెట్టే ముగ్గురినీ ఈ గుంపులో కలపడానికి ఒక గుర్తు రాసుకున్నాను: 13 లోంచి 5 కి వేళ్లు మడుస్తూ మొదటి మాటగా "పన్నెండు" అనాలి.